డివిడెండ్ సెప్టెంబరులో ప్రకటించాం, అక్టోబరులో ఇచ్చాం: ఒక్క ఎంట్రీతో సరిపెట్టాను, ఇప్పుడు చిక్కుపడింది

శీతల_గిడ్డంగి · 3 నవంబరు 2025, ఉదయం 10:12

అందరికీ నమస్కారం. గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో అకౌంట్స్ చూస్తుంటాను. కుటుంబ ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ, మొత్తం 50,000 షేర్లు. ఇన్నేళ్లలో ఎప్పుడూ డివిడెండ్ ఇవ్వలేదు, ఈ ఏడాదే మొదటిసారి. ఆగస్టులో బోర్డు షేరుకు 12 రూపాయలు సిఫారసు చేసింది. సెప్టెంబరు 26న ఏజీఎంలో ఆమోదించారు. అక్టోబరు 15న నలుగురికీ డబ్బు పంపాం.

పెద్దాయనకు 25,000 షేర్లు, అంటే 3,00,000. పెద్దబ్బాయికి 15,000 షేర్లు, 1,80,000. డల్లాస్‌లో ఉండే చిన్నబ్బాయికి 9,500 షేర్లు, 1,14,000. వాళ్ల బాబాయి గారికి 500 షేర్లు, 6,000. మొత్తం 6,00,000.

ట్యాక్స్ పట్టుకునే పంపాం. పెద్దాయనకు 30,000, పెద్దబ్బాయికి 18,000, అమెరికా ఆయనకు 23,712 పట్టాం. బాబాయి గారికి ఏమీ పట్టలేదు. చేతికి ఇచ్చింది 5,28,288.

అక్టోబరు 15న నేను వేసిన ఎంట్రీ ఇదొక్కటే:

```
డివిడెండ్ ఖర్చు      డెబిట్    5,28,288
   కరెంట్ ఖాతా      క్రెడిట్   5,28,288
```

నిన్న పెద్దాయన పుస్తకం చూసి "ఆరు లక్షలు అనుకున్నాం కదమ్మా, ఇక్కడ ఐదు లక్షల ఇరవై ఎనిమిది వేలే కనిపిస్తోందేం?" అని అడిగారు. నోట మాట రాలేదు. పైగా బ్యాంకు స్టేట్‌మెంట్‌లో వెళ్లింది 5,22,288 మాత్రమే. ఎక్కడ తప్పానో చెప్పండి. 7వ తారీఖున టీడీఎస్ కట్టాలి, టెన్షన్‌గా ఉంది.

పద్దుల_పంతులు · ఉదయం 10:40

అమ్మాయీ, మొదటి తప్పు మార్చి 31నే జరిగింది. ఏ ఏడాది లాభంలోంచి డివిడెండ్ ఇస్తున్నామో ఆ ఏడాది పుస్తకాల్లోనే ప్రపోజ్డ్ డివిడెండ్ అని ప్రొవిజన్ పెట్టాలి. నేను ముప్పై ఏళ్లు అలాగే రాశాను, ఒక్క ఆడిటరూ వేలెత్తి చూపలేదు. దాని కిందే కంపెనీ కట్టే డివిడెండ్ ట్యాక్స్ కూడా రాసేవాళ్లం. షేర్‌హోల్డర్ దగ్గర పట్టడం అనేదే ఉండేది కాదు.

రెండో తప్పు, డివిడెండ్‌ను ఖర్చుల్లో రాయడం. అది ఖర్చు కాదు, లాభంలో పంపకం. పంటంతా ఇంటికొచ్చాక అన్నదమ్ములు పంచుకుంటే ఆ పంపకాన్ని సాగు ఖర్చులో రాస్తామా?

టాలీ_రాంబాబు · ఉదయం 10:58

సింపుల్ అక్కా. ఆ వోచర్ డిలీట్ చేసెయ్. సెప్టెంబరు 26 డేట్‌తో ఒకే జర్నల్ వెయ్: సర్‌ప్లస్ డెబిట్ 6,00,000, డివిడెండ్ పేయబుల్ క్రెడిట్ 5,28,288, టీడీఎస్ పేయబుల్ క్రెడిట్ 71,712. తర్వాత అక్టోబరు 15న పేమెంట్. రెండు ఎంట్రీలు, క్లోజ్.

ఆవర్జా_అరుణ · ఉదయం 11:35

విజయవాడలో ప్రాక్టీసు చేస్తున్నాను. ఒక్కొక్కటిగా చెప్తాను.

పంతులు గారూ, మీరు చెప్పిన రెండో మాటకు దండం. మొదటిది మాత్రం ఒకప్పుడు నిజం, ఇప్పుడు కాదు. 2016లో ఏఎస్ 4 అనే అకౌంటింగ్ స్టాండర్డ్ మార్చారు. బ్యాలెన్స్ షీట్ తేదీ తర్వాత ప్రకటించే డివిడెండ్‌ను మార్చి 31న అప్పుగా చూపకూడదు, నోట్స్‌లో చెప్తే చాలు. మార్చి 31 నాటికి కంపెనీ ఎవరికీ ఏమీ బాకీ లేదు కదా. ఆగస్టులో బోర్డు సిఫారసు చేసిన రోజున కూడా బాకీ లేదు, ఏజీఎం కాదనవచ్చు, తగ్గించనూవచ్చు. అందుకే ఆ రోజుకు ఎంట్రీయే లేదు. కంపెనీ కట్టే డివిడెండ్ ట్యాక్స్ కూడా 2020 ఏప్రిల్ 1 నుంచి పోయింది. ఇప్పుడు పన్ను షేర్‌హోల్డర్‌ది, కంపెనీ పని పట్టి కట్టడం.

శీతల గారూ, మీ బాకీ పుట్టింది సెప్టెంబరు 26న. ఏజీఎం సరేనన్న క్షణం నుంచి ఆ ఆరు లక్షలు వాటాదారులవి. మీ పుస్తకంలో ఆ రోజు ఏమీ లేదు. నిజంగా జరిగిన ఘటన అదే, రాయనిదీ అదే.

```
26-09-2025
రిజర్వ్స్ & సర్‌ప్లస్ (మిగులు)   డెబిట్    6,00,000
   డివిడెండ్ పేయబుల్            క్రెడిట్   6,00,000
```

ఇక్కడ పూర్తి మొత్తం రాయాలి, పన్ను తీసేసింది కాదు. పెద్దాయన అడిగిన ఆరు లక్షలు కనిపించాల్సిన చోటు ఇదే. పన్ను పట్టినా ఆయన ఆదాయం 3,00,000యే, 2,70,000 కాదు.

చెల్లించిన రోజున ఆ బాకీ మూడు దారుల్లో తీరుతుంది: కొంత బ్యాంకు ద్వారా వాటాదారుకి, కొంత టీడీఎస్ బాకీగా ప్రభుత్వానికి, ఎవరిదైనా చేరకపోతే అది అలాగే బాకీగా ఉండిపోతుంది.

```
15-10-2025
డివిడెండ్ పేయబుల్         డెబిట్    6,00,000
   కరెంట్ ఖాతా           క్రెడిట్   5,28,288
   టీడీఎస్ పేయబుల్ 194    క్రెడిట్     48,000
   టీడీఎస్ పేయబుల్ 195    క్రెడిట్     23,712
```

మీ ఒక్క ఎంట్రీలో ఈ 71,712 ఎక్కడా లేదు. అంటే మీ ట్రయల్ బ్యాలెన్స్ ప్రకారం కంపెనీ ప్రభుత్వానికి పైసా బాకీ లేదు. 7న చలానా కడితే డెబిట్ చేయడానికి లెడ్జరే ఉండదు. చాలామంది అప్పుడు దాన్ని కూడా ఏదో ఖర్చులో వేస్తారు, తప్పు రెండింతలవుతుంది.

రాంబాబూ, డిలీట్ చేయించకండి. కంపెనీలు వాడే సాఫ్ట్‌వేర్‌లో 2023 ఏప్రిల్ నుంచి ఎడిట్ లాగ్ తప్పనిసరి. డిలీట్ చేసినా జాడ ఉంటుంది, ఆడిటర్ అడుగుతాడు. పాత వోచర్‌ను సరిచేసి నేరేషన్‌లో కారణం రాస్తే చాలు.

కూకట్‌పల్లి_ఇన్వెస్టర్ · మధ్యాహ్నం 12:20

నాదీ ఇదే సమస్య అండీ. నా షేర్లకు కంపెనీ మార్చిలో ఇంటరిమ్ డివిడెండ్ ప్రకటించింది, డబ్బు ఏప్రిల్‌లో వచ్చింది. పన్ను శాఖ వారి 26ఏఎస్ స్టేట్‌మెంట్‌లో తర్వాతి ఏడాదిలో కనిపిస్తోంది. నేను ఏ ఏడాది రిటర్న్‌లో చూపాలి? ఎంట్రీ ఎలా వెయ్యాలి?

ఆవర్జా_అరుణ · మధ్యాహ్నం 12:41

మీది పుచ్చుకునేవారి వైపు ప్రశ్న, ఇక్కడ ఇచ్చేవారి వైపు నడుస్తోంది. అయినా చెప్తాను. ఫైనల్ డివిడెండ్ అయితే ప్రకటించిన ఏడాది ఆదాయం. ఇంటరిమ్ అయితే డబ్బు షరతుల్లేకుండా మీ అందుబాటులోకి వచ్చిన ఏడాది. మీది ఇంటరిమ్, డబ్బు వచ్చింది ఏప్రిల్‌లో, కాబట్టి 26ఏఎస్ చెప్తున్నదే సరిగ్గా ఉంది. మీరు పుస్తకాలు రాసే వ్యక్తి కాకపోతే ఎంట్రీ గొడవే లేదు.

శీతల గారి పెద్దబ్బాయి లాంటివాళ్లు సొంత వ్యాపారానికి మర్కంటైల్ పుస్తకాలు రాస్తూ, ఈ షేర్లు ఆ పుస్తకాల్లోనే ఉంటే, అద్దంలో బొమ్మలా వస్తుంది. సెప్టెంబరు 26న రావలసిన డివిడెండ్ 1,80,000, ఎదురుగా ఆదాయం 1,80,000. అక్టోబరు 15న బ్యాంకులో 1,62,000, టీడీఎస్ ఆస్తిగా 18,000. ఆ 18,000 ఖర్చు కాదు, రిటర్న్‌లో సర్దుబాటు చేసుకునే సొమ్ము.

టాలీ_రాంబాబు · మధ్యాహ్నం 1:05

మేడమ్, ఒక డౌట్. మీరు టీడీఎస్‌ను పేమెంట్ రోజున వేశారు. కాంట్రాక్టర్లకు, అద్దెకు క్రెడిట్ చేసినప్పుడే పట్టాలి కదా, ఏది ముందైతే అది. డివిడెండ్ పేయబుల్‌కు క్రెడిట్ చేసింది సెప్టెంబరు 26న. అప్పుడే పట్టాలి కదా? మా దగ్గర అలాగే చేస్తాం.

ఆవర్జా_అరుణ · మధ్యాహ్నం 1:50

మంచి ప్రశ్న. ఈ దారంలో అసలు మెలిక ఇదే.

అద్దె, కాంట్రాక్టు సెక్షన్లలో 'క్రెడిట్ లేదా చెల్లింపు, ఏది ముందైతే అది' అని ఉంటుంది. డివిడెండ్ సెక్షన్ 194లో క్రెడిట్ అన్న మాట లేదు. చెల్లించే ముందు, పంపిణీ చేసే ముందు పట్టాలి అంటుంది. కాబట్టి ఇక్కడుండే వాటాదారుల విషయంలో టీడీఎస్ అక్టోబరు 15న పుట్టింది. గడువు నవంబరు 7, రిటర్న్ మూడో క్వార్టర్ 26క్యూ. మీ దగ్గర సెప్టెంబరులోనే పడితే తప్పేమీ కాదు, ముందే పట్టి ముందే కట్టినట్టు. కానీ అప్పుడు గడువు అక్టోబరు 7 అయిపోతుంది. సెప్టెంబరు తేదీతో ఎంట్రీ వేసి నవంబరులో కడితే ఊరికే వడ్డీ నెత్తికెత్తుకున్నట్టు. మీరు ఉదయం చెప్పిన జర్నల్‌తో శీతల గారికి సరిగ్గా అదే జరిగేది.

ఈ తేడా వల్ల లాభం కూడా ఉంది. పెద్దాయనకు అరవై దాటి, మొత్తం ఆదాయం మీద పన్ను సున్నా వచ్చేలా ఉంటే టీడీఎస్ పట్టొద్దని 15హెచ్ ఫారం ఇవ్వొచ్చు. ఏజీఎం అయ్యాక, చెల్లింపుకు ముందు ఇచ్చినా చెల్లుతుంది.

అమెరికా ఆయన సంగతి వేరు. నాన్ రెసిడెంట్‌కు వర్తించేది సెక్షన్ 195. అందులో క్రెడిట్ అన్న మాట ఉంది. పేయబుల్ ఖాతాకు ఏ పేరు పెట్టినా సరే, అది పుచ్చుకునేవారికి క్రెడిట్ చేసినట్టే అనే వివరణ కూడా ఉంది. కాబట్టి ఆయన 23,712 సెప్టెంబరు 26నే పట్టి, అక్టోబరు 7కల్లా కట్టి, రెండో క్వార్టర్ 27క్యూలో చూపాల్సింది. ఒకే డివిడెండ్, ఒకే ఏజీఎం, ఇద్దరు అన్నదమ్ములకు రెండు తేదీలు.

శీతల_గిడ్డంగి · మధ్యాహ్నం 2:10

అయ్యబాబోయ్. ఇప్పుడేం చేయాలి మేడమ్? అక్టోబరు 7 పోయి నెల కావస్తోంది.

టాలీ_రాంబాబు · మధ్యాహ్నం 2:18

ఒక ఐడియా. సెప్టెంబరు 26న అసలు ఎంట్రీయే వేయలేదు కదా? అంటే క్రెడిట్ జరగలేదు. క్రెడిట్ లేకపోతే 195 కూడా అక్టోబరు 15నే. ఆ ఎంట్రీ వేయకుండా వదిలేస్తే వడ్డీ లేదు, ఏమీ లేదు.

పద్దుల_పంతులు · మధ్యాహ్నం 2:30

ఓరి నాయనా! గోడకు కాలెండరు తీసేస్తే పండగ రాకుండా ఆగుతుందా?

ఆవర్జా_అరుణ · మధ్యాహ్నం 3:05

పంతులు గారి పోలిక బాగుంది కానీ, రాంబాబు వాదనను అంత తేలిగ్గా కొట్టిపారేయలేం. పుస్తకంలో క్రెడిట్ లేనప్పుడు చెల్లింపు తేదీయే లెక్క అనే వాదన నేనూ విన్నాను. దేశాల మధ్య పన్ను ఒప్పందాల్లో డివిడెండ్ గురించి 'చెల్లించిన' అనే మాటే ఉంటుందని దాన్ని కూడా జోడిస్తారు. కానీ మన కేసులో ఒప్పందం వాడటం లేదు. పైగా ఏజీఎం మినిట్స్ మీ దగ్గరే ఉన్నాయి, సెప్టెంబరు 26న బాకీ పుట్టిందని అదే చెప్తోంది. వడ్డీ తప్పుతుందని రాయాల్సిన ఎంట్రీ మానేస్తే సెప్టెంబరు 30 నాటి ట్రయల్ బ్యాలెన్స్‌లో ఆరు లక్షల అప్పు దాగిపోతుంది. కోల్డ్ స్టోరేజీ కదా, బ్యాంకుకు క్వార్టర్ లెక్కలు పంపుతారనుకుంటాను.

నేనైతే సెప్టెంబరు 26 ఎంట్రీ వేస్తాను. 195 పన్నును మాత్రం నిజంగా పట్టిన అక్టోబరు 15నే చూపిస్తాను, అప్పుడు పట్టామని బ్యాంకే సాక్ష్యం. ఆలస్యంగా పట్టినందుకు వడ్డీ నెలకు 1 శాతం. నెలలో ఒక్క రోజు పడినా నెలే. సెప్టెంబరు, అక్టోబరు రెండు నెలలు. 23,700 మీద 474 రూపాయలు. 7లోపు అసలుతో కలిపి కట్టేయండి. 27క్యూ ఏ క్వార్టర్‌లో వెయ్యాలి, ఆలస్య రుసుము పడుతుందా అన్నది మీ ఆడిటర్‌తో కూర్చుని తేల్చుకోండి. రెండో క్వార్టర్ గడువు అక్టోబరు 31తో పోయింది, రుసుము రోజుకు 200.

డల్లాస్_తెలుగు · రాత్రి 7:48

ఇక్కడ పొద్దున్నే చూశాను. అమెరికాలో ఉండేవాళ్లకు ఒప్పందం ప్రకారం 25 శాతం కదా? నాకు ఒక కంపెనీ అలాగే పట్టింది. మీరు 20.8 లెక్కన తక్కువ పట్టారు. 1,14,000 మీద 28,500 రావాలి.

ఆవర్జా_అరుణ · రాత్రి 8:20

ఒప్పందంలో మామూలు వ్యక్తికి 25 శాతమన్నది నిజమే. కానీ ఒప్పందం ఉన్నది మీకు మేలు చేయడానికి. మన చట్టంలో రేటు తక్కువైతే మన చట్టమే వర్తిస్తుంది. 20 శాతం, దాని మీద 4 శాతం సెస్సు, కలిపి 20.8. వీళ్ల 23,712 సరైనదే. మీకు ఎక్కువ పట్టి ఉంటే ఇండియాలో రిటర్న్ వేసి రిఫండ్ అడగండి.

డల్లాస్_తెలుగు · రాత్రి 8:31

థాంక్స్ అండీ. మూడేళ్ల నుంచి వదిలేస్తున్నాను. మా ఆవిడకు చెప్పకూడదు ఈ సంగతి.

శీతల_గిడ్డంగి · రాత్రి 8:50

స్టేట్‌మెంట్‌లో 6,000 తేడా దొరికింది. బాబాయి గారికి చెక్కు ఇచ్చాం, ఆయన ఇంకా బ్యాంకులో వేయలేదు. పెద్దాయన "ఆ చెక్కు వెనక్కి తీసుకుని నగదు ఇచ్చెయ్యమ్మా, పని అయిపోతుంది" అంటున్నారు. ఇవ్వొచ్చా?

ఆవర్జా_అరుణ · రాత్రి 9:15

వద్దు. ఏడాదికి పదివేలలోపు డివిడెండ్‌కు టీడీఎస్ లేదన్న మినహాయింపు నగదు కాని చెల్లింపులకే. నగదు ఇస్తే ఆ 6,000 మీద 600 పట్టాల్సి వస్తుంది. ఇంకో సంగతి, ఈ ఏడాదే ఇంటరిమ్ డివిడెండ్ కూడా ఇచ్చి ఆయన మొత్తం పదివేలు దాటితే పన్ను మొత్తం మీద లెక్కేయాలి. అది గుర్తుంచుకోండి.

అసలు విషయం వేరే ఉంది. ప్రకటించిన 30 రోజుల్లో, అంటే అక్టోబరు 26కల్లా, ఆయన పుచ్చుకోలేదు. ఆ తర్వాత ఏడు రోజుల్లో ఆ 6,000ను అన్‌పెయిడ్ డివిడెండ్ ఖాతా అని విడిగా తెరిచి అందులో వేయాలి. ఆ గడువు నిన్న ఆదివారంతో అయిపోయింది. పైగా ప్రకటించిన ఐదు రోజుల్లో డివిడెండ్ సొమ్మును విడి బ్యాంకు ఖాతాలో వేయాలని కూడా ఉంది. మీరు కరెంట్ ఖాతా నుంచే నేరుగా పంపినట్టున్నారు.

శీతల_గిడ్డంగి · రాత్రి 9:22

అవును మేడమ్. విడి ఖాతా సంగతి ఎవరూ చెప్పలేదు. దానికి కూడా ఎంట్రీ ఉంటుందా?

ఆవర్జా_అరుణ · రాత్రి 9:40

ఉంటుంది, కాంట్రా ఎంట్రీ. డివిడెండ్ బ్యాంకు ఖాతా డెబిట్, కరెంట్ ఖాతా క్రెడిట్. అక్టోబరు 1లోపు జరగాల్సింది. జరగనిదాన్ని ఇప్పుడు జరిగినట్టు రాయకండి. విడి ఖాతాలో పూర్తి ఆరు లక్షలు వేయాలా, పన్ను పోను మిగిలింది వేస్తే చాలా అన్నదాని మీద మా ఆఫీసులోనే ఇద్దరికి రెండు అభిప్రాయాలున్నాయి. చట్టం 'డివిడెండ్ మొత్తం' అంటుంది కాబట్టి నేను పూర్తిగా వేయిస్తాను.

పద్దుల_పంతులు · రాత్రి 9:58

అరుణమ్మా, ఏఎస్ 4 మారిన సంగతి ఇంటికెళ్లి మా అబ్బాయిని అడిగాను. నిజమేనట. నేను రిటైరైంది 2015లో. అయితే ఒక్క మాట. ప్రొవిజన్ పెట్టిన రోజుల్లో మార్చి 31నే డివిడెండ్ కళ్ల ముందుండేది, ఓనరు ఆ డబ్బు ముట్టేవాడు కాదు. ఇప్పుడు సెప్టెంబరు దాకా అది లాభంలోనే కనిపిస్తుంటే మిర్చి కొనేస్తాడు.

ఆవర్జా_అరుణ · రాత్రి 10:07

అది మాత్రం కాదనలేను పంతులు గారూ.

శీతల_గిడ్డంగి · 6 నవంబరు, సాయంత్రం 5:30

అప్‌డేట్. సెప్టెంబరు 26 జర్నల్ వేశాను. అక్టోబరు 15 వోచర్‌ను సరిచేశాను, డివిడెండ్ ఖర్చు లెడ్జర్ సున్నా అయింది. లాభనష్టాల ఖాతాలో లాభం 5,28,288 పెరిగింది, మిగులు 6,00,000 తగ్గింది, ఆ రెండింటికీ ఉన్న 71,712 తేడా టీడీఎస్ బాకీలో కూర్చుంది. పెద్దాయనకు చూపిస్తే "ఇదిగో, ఇక్కడున్నాయి మన ఆరు లక్షలు" అని వేలు పెట్టి చూపించారు.

ఈ రోజు రెండు చలానాలూ కట్టాం. 48,000 ఒకటి, 23,712తో పాటు 474 వడ్డీ ఒకటి. వడ్డీని డివిడెండ్‌లో కలపకుండా కంపెనీ ఖర్చుగా విడిగా వేశాను, అది తప్పైతే చెప్పండి. 27క్యూ విషయంలో మా ఆడిటర్ కూడా ఇక్కడ రాంబాబు గారు చెప్పిన వాదన వైపే మొగ్గుతున్నారు, మూడో క్వార్టర్‌లో వేద్దామంటున్నారు. ఇంకా తేలలేదు.

ఆవర్జా_అరుణ · సాయంత్రం 6:02

ఖర్చుగా వేయడం సరే. కానీ ఆదాయపు పన్ను లెక్కలో ఆ 474 లాభానికి తిరిగి కలిపేయాలి, టీడీఎస్ వడ్డీకి మినహాయింపు రాదు. బాబాయి గారి 6,000 ఏమైంది?

శీతల_గిడ్డంగి · సాయంత్రం 6:20

ఫోన్ చేశాను. చెక్కు దేవుడి పటం వెనకాల పెట్టారట, కార్తీక మాసం వెళ్లాక బ్యాంకుకు వెళ్తానన్నారు. విడి ఖాతా ఫారాలు మాత్రం రేపు బ్యాంకులో ఇస్తున్నాను.